ఆ కుర్చీలో ముందు కూర్చున్నవాళ్లు ఇప్పుడు యాడున్నారు?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. అనంతపురం జేఎన్‌టీయూలో ఈఈఈ చేశాను. మూడేళ్లుగా ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో ఉన్నా. కర్నూలు దగ్గర సోలార్ ప్లాంటులో ఓ అండ్ ఎం ఇంజనీరుగా, అంటే ప్లాంటు నడపడం, మెయింటెనెన్స్ చూసే పనికి, ఆఫర్ వచ్చింది, జీతం నెలకు 6 వేలు ఎక్కువ. గ్రోత్ బాగుంటుందని హెచ్ఆర్ మేడం అంటున్నారు. లింక్డిన్‌లో చూస్తే అదే కంపెనీలో ఇదే పోస్టులో చేరినాయన ఆరేళ్లకే రీజినల్ మేనేజర్ అయ్యాడు. అది నమ్మి చేరొచ్చా? పాతవాళ్ల ప్రొఫైళ్లు ఎట్లా చదవాల?

జవాబు:

ఆ ఒక్కాయన్ని చూసి చేరొద్దు. ప్రొఫైళ్లు చూడటం మాత్రం మంచి పనే. అయితే పైకొచ్చినవాళ్లతో మొదలుపెట్టి వెనక్కి చూస్తే అందరూ ఎదిగినట్టే కనిపిస్తుంది. ఇదే పోస్టులో, ఇదే కంపెనీలో, కనీసం మూడేళ్ల కిందట చేరినవాళ్లందర్నీ ఒక కాగితం మీద రాయండి. ఎదిగినవాడు, ఎదగనివాడు, వెళ్లిపోయినవాడు అందరూ అందులో ఉండాలి. చేరిన మూడేళ్లకు ఒక్కొక్కరు ఎక్కడున్నారో వాళ్ల పేర్ల పక్కన రాయండి. ఆ తర్వాత మీ పై కుర్చీ, అంటే సైట్ ఇన్‌చార్జి కుర్చీ, అందులో ఇప్పుడున్నవాళ్లు ఎక్కడినుంచి వచ్చారో చూడండి. మీరడిగినదానికి జవాబు ఈ రెండింట్లోనే దొరుకుతుంది. రెండు సాయంత్రాల పని.

నేను పదిహేనేళ్లకు పైగా కరెంటు పనిలోనే ఉన్నా. మొదట్లో సబ్‌స్టేషన్లు, 2016 నుంచి సోలార్. ఇప్పుడు కొన్ని సైట్లు నా కింద ఉన్నాయి, ఇంజనీర్లను ఇంటర్వ్యూ చేసి తీసుకునేది కూడా నేనే. అందుకే ఈ ఉద్యోగం గురించి కొంచెం వివరంగానే చెప్తా.

ముందు మీరు చూసిన ఆ రీజినల్ మేనేజర్ సంగతి. ఆయన ఏ సంవత్సరంలో చేరాడో చూశారా? నేను పందెం కాస్తా, 2016కూ 2018కీ మధ్య ఉంటుంది. కర్నూలు పక్క గని, శకునాల ఊళ్ల దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయ్యింది. ఆ రెండు మూడేళ్లు మా పక్క ప్లాంటు మీద ప్లాంటు లేచింది. ఇన్‌చార్జి కుర్చీలు ఎన్నో ఉన్నాయి, కూర్చోబెట్టడానికి అనుభవం ఉన్నోళ్లు లేరు. రెండేళ్ల అనుభవం ఉన్న పిల్లోణ్ని కూడా ఇన్‌చార్జిని చేసినారు. ఆయన తెలివైనవాడు కాదని నేననడం లేదు. కానీ ఆయన ఎక్కిన బస్సు ఇప్పుడు స్టాండులో లేదు.

ఇది అర్థం కావాలంటే సైటులో కుర్చీల లెక్క తెలియాలి. నేను చూసిన 100 మెగావాట్ల సైట్లలో ఇన్‌చార్జి ఒకడు, ఇంజనీర్లు నలుగురో ఐదుగురో, వాళ్ల కింద టెక్నీషియన్లు, ఆ కింద ప్యానెళ్లు కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, సెక్యూరిటీ. ఐదుగురు ఇంజనీర్లకు పైన ఉన్నది ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో మనిషికి ముప్పై ఐదేళ్లుండి, ఇల్లు కర్నూల్లో కట్టుకుని, పిల్లలు ఈడే బడికి పోతుంటే ఆయన కదలడు. సోలార్ ప్లాంటు ఫ్యాక్టరీ మాదిరి ఏటేటా పెరిగేది కాదు. కట్టిన రోజు ఎంత ఉందో పాతికేళ్లూ అంతే ఉంటుంది, నిజం చెప్పాలంటే ప్యానెళ్లు పాతబడి కొంచెం తగ్గుతుంది. కాబట్టి కొత్త కుర్చీలు పుట్టాలంటే కంపెనీ కొత్త ప్లాంట్లు కట్టాల. అవి ఇప్పుడు ఎక్కువగా రాజస్థాన్‌లో, గుజరాత్‌లో లేస్తున్నాయి. ఈ విషయానికి మళ్లీ వస్తా.

జాబితా ఎట్లా తయారుచేయాల

చాలామంది కంపెనీ పేజీ తెరిచి, అందులో `People` నొక్కి, వచ్చినవాళ్లను చూసి ఆపేస్తారు. అక్కడ కనిపించేది ప్రస్తుతం కంపెనీలో ఉన్నవాళ్లు. ఇందులో ఒక మోసం ఉంది. పదేళ్లు ఉండిపోయినవాడు మీరు ఏ రోజు చూసినా కనిపిస్తాడు. ఎనిమిది నెలలకే పోయినవాడు మీరు చూసే రోజుకు ఉండడు. దాంతో కంపెనీలో అందరూ ఏళ్ల తరబడి ఉంటారని, నిలకడగా పైకి పోతారని అనిపిస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్లను చూసి ఎంతమంది వచ్చారో లెక్కేసినట్టు అది.

పోయినవాళ్లు కావాలంటే పైన వెతికే పెట్టెలో పోస్టు పేరు కొట్టి, `People` ఎంచుకుని, `All filters` లోకి పోయి `Past company` దగ్గర కంపెనీ పేరు పెట్టండి. పోస్టు పేరును ఒక్క రకంగానే వెతకొద్దు. ఒకే పనికి ఒకడు `O&M Engineer` అని, ఒకడు `Site Engineer` అని, ఇంకొకడు `Shift Engineer` అని రాసుకుంటాడు. కాలేజీ నుంచి నేరుగా చేరినవాడు `GET` అని, అంటే గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ అని, పెట్టి అట్లే వదిలేస్తాడు. ఊరి పేరుతో మాత్రం వడపోయొద్దు. కర్నూల్లో పనిచేసి పోయినవాడి ప్రొఫైల్లో ఇప్పుడు జైసల్మేర్ ఉండొచ్చు, హైదరాబాద్ ఉండొచ్చు.

ఉచిత ఖాతాలో ఎక్కువ వెతికితే నెల మధ్యలోనే పరిమితి అయిపోయిందని ఆపేస్తుంది, మళ్లీ ఒకటో తారీఖుకు తెరుచుకుంటుంది. మీకు దూరంగా ఉన్నవాళ్ల పేర్లు కూడా కనిపించవు, `LinkedIn Member` అని మాత్రమే వస్తుంది. అప్పుడు గూగుల్లో ఇట్లా కొట్టండి:

```
site:linkedin.com/in "O&M Engineer" solar Kurnool "కంపెనీ పేరు"
```

కంపెనీ పేరు ఇంగ్లీషులోనే కొట్టాల. ఇంకో మాట, సోలార్‌లో ఒక్కో ప్లాంటుకు ఒక్కో చిన్న కంపెనీ పేరు రిజిస్టర్ చేసి ఉంటుంది. కొందరు ప్రొఫైల్లో పెద్ద కంపెనీ పేరు కాకుండా ఆ చిన్న కంపెనీ పేరే రాస్తారు. మీ ఆఫర్ లెటర్ మీద ఏ పేరుందో దాంతో కూడా ఒకసారి వెతకండి.

మొదలుపెట్టకముందే సెట్టింగుల్లో `Visibility` కింద చూసేవాళ్ల పేరు కనపడకుండా `Private mode` పెట్టుకోండి. ఆ మోడ్‌లో ఉన్నంతసేపూ మీ ప్రొఫైల్ ఎవరు చూశారో మీకూ తెలియదు. పెట్టకపోతే మీరు చేరబోయే సైట్ ఇన్‌చార్జికి "ఫలానావాడు నీ ప్రొఫైల్ చూశాడు" అని కబురు పోతుంది. తప్పేం లేదనుకోండి, నేనైతే నా ప్రొఫైల్ చూసి వచ్చిన పిల్లోణ్ని కొంచెం మెచ్చుకుంటా కూడా. అందరూ నా మాదిరి ఉండరు.

మా అక్క కొడుకు లెక్క

పోయిన సంవత్సరం మా అక్క కొడుక్కు దాదాపు మీలాంటి ఆఫరే వచ్చింది. వాడు, నేను కూర్చుని ఈ పని చేశాం. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

వెతికితే 34 ప్రొఫైళ్లు దొరికినాయి. వాటిలో 8 మంది ప్లాంటు కట్టేటప్పుడు పనిచేసిన సివిల్, ఎరెక్షన్ మనుషులు. వాళ్ల ఉద్యోగం వేరు, కట్టడం అయిపోతే వెళ్లిపోవడమే వాళ్ల పని. తీసేశాం. మిగిలింది 26. అందులో 7 మంది చేరి ఇంకా మూడేళ్లు కాలేదు. వీళ్లు ఎదగలేదని చెప్పడానికి లేదు, ఎదిగారని చెప్పడానికీ లేదు. పక్కన పెట్టాం. లెక్కకు నిలిచింది 19 మంది.

వీళ్లలో మొదటి చూపుకు 9 మంది మూడేళ్ల లోపల వేరే కంపెనీకి పోయినట్టు కనిపించారు. సగం మంది పోయారే అని మావాడు బెదిరిపోయినాడు. ఒక్కొక్క ప్రొఫైల్ తెరిచి చదివితే ఇద్దరు ఎక్కడికీ పోలేదు. కంపెనీ పేరు మారింది, ప్లాంటు అదే, కుర్చీ అదే. మా రంగంలో ఇది మామూలు. ఓ అండ్ ఎం కాంట్రాక్టు ఒకరి చేతినుంచి ఇంకొకరికి పోతే, మనుషులు కొత్తవాళ్ల రోలు మీదికి మారి మరుసటి రోజు అదే గేటు నుంచి లోపలికి పోతారు. లేకపోతే కంపెనీనే ఎవరో కొంటారు. ఎస్‌బీ ఎనర్జీకి మన కర్నూలు పార్కులోనే ప్లాంటు ఉండేది, 2021లో ఆ కంపెనీ మొత్తాన్ని అదానీ గ్రీన్ కొనుక్కుంది. అట్లాంటప్పుడు ఒకే మనిషి ప్రొఫైల్లో రెండు కంపెనీలు కనిపిస్తాయి, ఉద్యోగం మారినట్టు ఉంటుంది. ఎట్లా పట్టుకోవాలంటే, ఒకటి ముగిసిన నెలలోనే రెండోది మొదలవుతుంది, ఊరు మారదు, మెగావాట్ల అంకె మారదు, అదే నెలలో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అదే విధంగా మారి ఉంటారు.

అట్లా సరిచేశాక 19 మంది ఇట్లా తేలినారు. అదే కంపెనీలో పై మెట్టు ఎక్కినవాళ్లు 4. మూడేళ్ల తర్వాత కూడా అదే పోస్టులో ఉన్నవాళ్లు 5, పేరు మాత్రమే మారిన ఆ ఇద్దరు వీళ్లలోనే. నిజంగా బయటికి పోయినవాళ్లు 7. ప్రొఫైల్ మధ్యలో ఆగిపోయి, ఏమైనారో తెలియనివాళ్లు 3.

19లో 4 అంటే ఐదుగురిలో ఒకడు. తక్కువే కానీ మరీ చెడ్డది కాదు కదా అన్నాడు మావాడు. అప్పుడు చేరిన సంవత్సరాన్ని బట్టి కాగితం రెండుగా చీల్చమన్నా. 2018 లోపల చేరినవాళ్లు 8 మంది, వాళ్లలో పైకెక్కినవాళ్లు 3. 2019 నుంచి చేరినవాళ్లు 11 మంది, వాళ్లలో పైకెక్కినవాడు ఒక్కడు. ఆచూకీ లేని ముగ్గురూ ఈ రెండో గుంపులోనే ఉన్నారు. ఆ ముగ్గురూ ఎక్కారనే అనుకున్నా 11లో 4. ఎక్కలేదనుకుంటే 11లో 1. నిజం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, నాకైతే ఒకటికే దగ్గరగా ఉంటుందనిపిస్తుంది. ప్రమోషన్ వచ్చినవాడు ప్రొఫైల్ మార్చకుండా ఉండడం అరుదు.

ఆచూకీ లేనివాళ్లను కొట్టేయకుండా ఇట్లా రెండు రకాలుగా లెక్కేసుకోండి. కొట్టేస్తే మీకు తెలియకుండానే ఎదిగినవాళ్ల వాటా పెరుగుతుంది.

ఇంకో చిన్న తప్పు అందరూ చేస్తారు, నేనూ చేశా. ప్రమోషన్ ఎన్నేళ్లకు వస్తుందో చూడటానికి, వచ్చినవాళ్ల సంవత్సరాలు మాత్రమే తీసుకుని సగటు కడతారు. మా కాగితం మీద అట్లా కడితే రెండున్నరేళ్లు వచ్చింది. రానివాళ్లు ఆ సగటులో లేరు కదా! నాలుగేళ్లుగా అదే పోస్టులో ఉన్నవాడి పక్కన "4" అని కాదు, "4 దాటింది, ఇంకా రాలేదు" అని రాయండి. అట్లా రాసి, 2019 తర్వాత గుంపులో సగం మందికి ఎన్నేళ్లకు వచ్చిందని చూస్తే జవాబే దొరకలేదు. సగం మందికి ఇంకా రాలేదు. జవాబు దొరకకపోవడమే జవాబు.

మెట్టు నిజంగా మెట్టేనా

ఆ నలుగురిని "ఎక్కినవాళ్లు" అన్నాం కానీ, వాళ్లలో ముగ్గురిది `Senior Engineer` మాత్రమే. ఇన్‌చార్జి అయినవాడు ఒక్కడు, అతను 2017లో చేరినవాడు. మీరు ఫ్యాక్టరీలో పనిచేసినారు కాబట్టి తెలుసు, మూడేళ్లు తిరిగేసరికి "సీనియర్" తగిలించడం చాలా చోట్ల జీతం తక్కువ పెంచినప్పుడు ఇచ్చే తాంబూలం. పేరు కింద రాసిన పని చూడండి. ముందు ఇన్వర్టర్ల మెయింటెనెన్స్ అని ఉండి, తర్వాత వర్క్ పర్మిట్లు ఇవ్వడం, ప్లాంటు కరెంటును గ్రిడ్‌కు పంపే 220 కేవీ స్విచ్‌యార్డు బాధ్యత, ఇంతమంది టీము, స్పేర్ల బడ్జెట్టు లాంటివి వచ్చి చేరితే అది మెట్టు. పేరు మారి కింద పని ఒక్క ముక్క మారకపోతే అది మెట్టు కాదు.

దీనికి తలకిందులైన సంగతి కూడా ఉంటుంది. కొందరు ప్రమోషన్ రాగానే కొత్త పోస్టు విడిగా వేయకుండా పాతదాని మీదనే పేరు దిద్దుతారు. అప్పుడు 2018 నుంచి ఇప్పటిదాకా `Manager` అని ఒకటే గీత కనిపిస్తుంది, ఆయన మేనేజరుగానే చేరినట్టు. కింద చదువు చూడండి. 2017లో బీటెక్ పూర్తిచేసినవాడు 2018లో మేనేజరుగా చేరడు. మధ్యలో ఎక్కడో మెట్లున్నాయి, ఎప్పుడెక్కాడో మీకు తెలియదు. అతన్ని ఎక్కినవాళ్లలో వేయండి కానీ, ఎన్నేళ్లకు అన్న లెక్కలో వేయొద్దు.

పై కుర్చీలోకి ఎవరొస్తున్నారు

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఈ భాగం. ఎవరూ చేయరు కూడా.

ఆ కంపెనీలో, అన్ని రాష్ట్రాల్లో కలిపి, సైట్ ఇన్‌చార్జిలుగా ఉన్నవాళ్లు ఆరుగురు దొరికినారు. ప్రతివాడిదీ ఇన్‌చార్జి కావడానికి ముందు ఏముందో చూశాం. లోపలినుంచి ఎదిగింది ఒక్కడే, ఇందాక చెప్పిన 2017 మనిషి. ముగ్గురు థర్మల్ ప్లాంట్ల నుంచి, పెద్ద సబ్‌స్టేషన్ల నుంచి ఎనిమిదేళ్లు పైబడిన అనుభవంతో నేరుగా ఆ కుర్చీలోకే వచ్చారు. మిగిలిన ఇద్దరు ఇన్వర్టర్లు తయారుచేసే కంపెనీల్లో సర్వీస్ ఇంజనీర్లుగా చేసి వచ్చారు.

అంటే ఆ కంపెనీ ఇన్‌చార్జిని కింద నుంచి పెంచదు, బయటినుంచి కొనుక్కుంటుంది. హెచ్ఆర్ వాళ్లు అబద్ధం చెప్పలేదు. గ్రోత్ ఉంది, కానీ అది ఈ మెట్ల మీద లేదు.

కారణం కూడా ఊహించొచ్చు. సైటులో పెద్ద నష్టం రెండు చోట్ల వస్తుంది. ఒకటి స్విచ్‌యార్డు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పడిపోతే ప్లాంటు మొత్తం ఆగుతుంది. రెండోది ఇన్వర్టర్లు, అవి మొరాయిస్తే రోజూ కొంచెం కొంచెం కరెంటు పోతుంది, నెలాఖరుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాల. ఈ రెండూ లోతుగా తెలిసినవాణ్నే ఇన్‌చార్జిగా తీసుకుంటారు. స్ట్రింగులు కొలవడం, ఫ్యూజులు మార్చడం, కడిగించడం, రిపోర్టు పంపడం, వీటితో మూడేళ్లు గడిపిన ఇంజనీరు మంచివాడే కావొచ్చు, ఆ కుర్చీకి కావలసింది మాత్రం అతని దగ్గర ఉండదు. ఇంటర్వ్యూల్లో నేను రోజూ చూసేదే ఇది.

మీకు ఇక్కడ ఒక ఆశ ఉంది. ఫ్యాక్టరీలో మూడేళ్లు మెయింటెనెన్స్ చేశారు. బ్రేకర్లు, రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు చేత్తో ముట్టుకున్నవారైతే స్విచ్‌యార్డు పక్కకు పోవడం మీకు తేలిక. మోటార్లు, ప్యానెల్ బోర్డులు మాత్రమే చూసి ఉంటే అంత తేలిక కాదు.

పోయినవాళ్లు యాడికి పోయినారు

ఆ ఏడుగురిలో ముగ్గురు రాజస్థాన్, గుజరాత్ ప్లాంట్లకు పోయారు, ఇంతకన్నా పెద్దవి, పోస్టు ఒక మెట్టు పైది. ఇద్దరు హైదరాబాద్, బెంగళూరుల్లో మానిటరింగ్ సెంటర్లకు, ప్లాంటు ఎంత కరెంటు ఇవ్వాల్సింది, ఎంత ఇచ్చింది అని లెక్కలు చూసే పనికి. ఒకడు పరీక్ష రాసి సర్కారు ఏఈ అయ్యాడు. ఒకడు ఇన్వర్టర్ కంపెనీలో సర్వీసుకు పోయినాడు. వీడు ఇంకో ఐదేళ్లకు ఇన్‌చార్జిగా తిరిగి వస్తాడని నా నమ్మకం.

ఈ జాబితాను మీ ఇంటి పరిస్థితి పక్కన పెట్టుకుని చదవండి. చాలామంది ఈ ఉద్యోగానికి వచ్చేది సొంతూరికి దగ్గరని, అమ్మానాన్నలను చూసుకోవచ్చని. ఈ ఏడుగురిలో పోస్టు పెరిగిన ముగ్గురూ ఎడారికి పోతేనే పెరిగింది. కర్నూల్లోనే ఉంటూ ఎదిగినవాడు 2019 తర్వాత మాకు ఒక్కడే కనిపించాడు. మీకు జైసల్మేర్ సమ్మతమా, కాదా? కాకపోతే ఆ ముగ్గుర్ని మీ లెక్కలోంచి తీసేసి మళ్లీ చూసుకోండి.

నేను తప్పుగా చదివిన ప్రొఫైళ్లు

ఇంత చెప్తున్నా కదా, నేనే ఒకసారి బోల్తా పడ్డా. 2018లో ఒక కంపెనీ నన్ను ఇన్‌చార్జిగా పిలిచింది, పేరు వద్దు. ఆ కుర్చీలో నాకు ముందు ముగ్గురు చేశారు. ప్రొఫైళ్లు చూస్తే ఒకడు 10 నెలలు, ఒకడు 13, ఇంకొకడు 9. ముగ్గురూ తర్వాత పేరున్న కంపెనీల్లోకి పోయారు. ఆహా, ఏడాదికే మనిషిని పైకి విసిరేసే కుర్చీ ఇది అనుకున్నా.

చేరిన రెండో నెలలో తెలిసింది. ప్యానెళ్లు కడగడానికి నీళ్లు తోలే ట్యాంకర్లవాళ్లకు, జీపులవాళ్లకు కంపెనీ ఆర్నెల్లుగా బిల్లులు ఇవ్వలేదు. వాళ్లంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పొద్దున గేటు దగ్గర నిలబడి అడిగేది నన్ను, హెడ్డాఫీసును కాదు. ఒకరోజు గేటుకు అడ్డంగా ట్రాక్టర్ పెట్టినారు. వాళ్ల తప్పేముంది? నేనూ 11 నెలలకే బయటపడ్డా. నా తర్వాతివాడు నా ప్రొఫైల్ చూసి కూడా అదే అనుకుని ఉంటాడు.

తర్వాత ఆ మూడు ప్రొఫైళ్లు మళ్లీ తెరిచి చూస్తే అన్నీ కళ్లముందే ఉన్నాయి. ముగ్గురూ పోయింది అదే హోదాకు, ఒకడైతే ఒక మెట్టు కిందికి. ఇద్దరికి మధ్యలో మూడు నాలుగు నెలల ఖాళీ ఉంది, అంటే చేతిలో ఇంకో ఆఫర్ లేకుండానే దిగిపోయినారు. ఎగిరిపోయినవాడికి, పారిపోయినవాడికి తేడా ఇక్కడే కనపడుతుంది: తర్వాతి హోదా పెరిగిందా, మధ్యలో ఖాళీ ఉందా. ఒక్కడికి ఖాళీ ఉంటే ఇంట్లో ఏదో సమస్య అనుకోవచ్చు. వరుసగా ఒకే కుర్చీలో ముగ్గురు ఏడాదికే దిగితే సమస్య కుర్చీది.

ఇందులో కనపడనివి

జీతం కనపడదు. డిప్లొమాతో, ఐటీఐతో చేరినవాళ్లు సగానికి సగం లింక్డిన్‌లో ఉండరు. మా సైట్లలో ఐటీఐతో చేరి, షిఫ్టు మొత్తం ఒంటిచేత్తో నడిపేవాళ్లున్నారు, వాళ్ల ఎదుగుదల ఏ ప్రొఫైల్లోనూ దొరకదు. మీరు బీటెక్ కాబట్టి మీ లెక్కకు పెద్ద ఇబ్బంది లేదు. డిప్లొమా చేసినవాళ్లు ఇది చదువుతుంటే ఈ పద్ధతిని నమ్ముకోవద్దు, సైటుకు పోయి మనుషులనే అడగాల.

పదిమంది కూడా దొరకకపోతే వాటాలు కట్టడం మానేసి, ఒక్కొక్కరి కథ చదవండి. ఆరుగురిలో ఇద్దరు అంటే ఏ అర్థమూ చెప్పలేం. అప్పుడు అదే పార్కులో ఉన్న ఇంకో రెండు కంపెనీల్లో ఇదే పోస్టు కూడా కలిపి చూడొచ్చు, ఏది ఏ కంపెనీదో విడిగా గుర్తు పెట్టుకుని.

కాగితం పూర్తయ్యాక వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరికి మెసేజ్ పెట్టండి, ఉన్నవాళ్లకు కాదు. మీ కాలేజీ సీనియర్ ఉంటే ఇంకా మంచిది, జేఎన్‌టీయూ వాళ్లు మా రంగంలో చాలామంది ఉన్నారు. "సార్, గ్రోత్ ఉందా?" అని అడిగితే "బాగుంటుంది బ్రదర్" అని వస్తుంది, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. జవాబు ఒక్క ముక్కలో చెప్పగలిగేది అడగండి: "మీరు ఉన్నప్పుడు ఇన్‌చార్జి మారినారా? మారితే లోపలివాళ్లను వేశారా, బయటినుంచి తెచ్చారా?" ఇంకోటి: "స్విచ్‌యార్డు పని మనవాళ్లతో చేయిస్తారా, బయటి ఏజెన్సీకి ఇస్తారా?" మీ ఎదుగుదలకు రెండోదే ముఖ్యం. బయటికి ఇచ్చేస్తే మీరు ఐదేళ్లున్నా ఆ పని నేర్చుకోరు.

ఆ కాగితాన్ని మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పొద్దు. వాళ్లు బయట పెట్టుకున్న వివరాలే అయినా, "ఎదగనివాడు" అని పక్కన రాసింది మీరు. మా కాగితంలో పేర్లు లేవు, ఒకటి రెండు అని అంకెలే.

మావాడు ఏం చేశాడని అడుగుతారు. చేరినాడు. కాకపోతే చేరేముందు హెచ్ఆర్‌ను రెండే అడిగినాడు: పోయిన మూడేళ్లలో ఇంజనీరు నుంచి ఇన్‌చార్జి అయినవాళ్లు ఎంతమంది, నన్ను మొదటి ఏడాది స్విచ్‌యార్డు టీములో వేస్తారా. మొదటిదానికి ఆమె చూసి చెప్తానంది, తర్వాత చెప్పనే లేదు. రెండోదానికి సైట్ ఇన్‌చార్జితో మాట్లాడి సరేనని మెయిల్ పెట్టింది. జీతం మీద ఇంకో వెయ్యి అడగబోతుంటే నేనే ఆపి, ఆ మెయిల్ చాలన్నా. రెండేళ్లుండి, రిలే టెస్టింగ్ నేర్చుకుని దిగిపోవాలని వాడి ప్లాను. ఇప్పటికి తొమ్మిది నెలలైంది, స్విచ్‌యార్డులోనే ఉన్నాడు.

మీది ఏ కంపెనీనో ఇక్కడ రాయొద్దు. ఎంతమంది దొరికారు, 2019కి ముందు చేరినవాళ్లు ఎంతమంది, తర్వాత ఎంతమంది, ఇన్‌చార్జిలు ఎక్కడినుంచి వచ్చారు, ఈ అంకెలు పెట్టండి చాలు. చూసి చెప్తా.